కూంబ్స్ నెగెటివ్ వచ్చినా రక్తకణాలు పగులుతాయా? పసిబిడ్డ కామెర్లలో ఏ పరీక్ష ఏమి చెబుతుంది

ప్రశ్న: "మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్లగొండలో కాన్పు అయింది. తొలిచూలు, మగబిడ్డ, నెలలు నిండాకే పుట్టాడు, బరువు మూడు కిలోలు. తల్లిది ఓ పాజిటివ్, బాబుది బి పాజిటివ్. ఇరవై గంటలకే కళ్లు పచ్చబడ్డాయి. అప్పుడు బిలిరుబిన్ 7.8, ముప్పై రెండో గంటకు 11.4. హిమోగ్లోబిన్ 14.1, రెటిక్ 9 శాతం అని రాశారు. నీలి లైట్ల కింద పెట్టారు. డాక్టరు గారు రక్తకణాలు పగులుతున్నాయి అంటున్నారు. ల్యాబు వాళ్లేమో కూంబ్స్ నెగెటివ్ అని ఇచ్చారు. నెగెటివ్ వచ్చాక కూడా మళ్లీ రక్తం ఎందుకు తీస్తున్నారు? అసలు ఏ పరీక్షలు అవసరం?"

జవాబు:

డాక్టరు గారి మాట, ల్యాబు కాగితం రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. కణాలు మామూలు కన్నా వేగంగా పగులుతున్నాయా అన్నది మొదటి ప్రశ్న. పగులుతుంటే పగలగొడుతున్నది ఏది అన్నది రెండోది. కూంబ్స్ పరీక్ష రెండో ప్రశ్నకు చెందినది. అది కూడా అనుమానితుల్లో ఒక్కరి గురించే, అంటే తల్లి నుంచి వచ్చే యాంటీబాడీ గురించే చెబుతుంది. ఆ ఒక్కరు దొరకనంత మాత్రాన ఇంట్లో దొంగతనం జరగలేదని కాదు.

నేను ఈ జిల్లాలోనే ఒక రక్తనిధిలో ఇరవై రెండేళ్లుగా పాథాలజిస్టుగా పనిచేస్తున్నాను. బిడ్డకు వైద్యం చేసేది నేను కాదు, బిడ్డ రక్తాన్ని గొట్టంలోనూ గాజు పలక మీదా చూసేవాణ్ణి. లైట్లు ఎంతసేపు, రక్తం మార్చాలా వద్దా అన్నవి మంచం పక్కన ఉన్న డాక్టరు నిర్ణయాలు. పరీక్షల సంగతి వరకు నేను చెప్పగలను.

ముందు పసుపు ఎక్కడిదో చూద్దాం. ఎర్ర కణం ముసలిదై పగిలినప్పుడు దానిలోని హిమోగ్లోబిన్ నుంచి బిలిరుబిన్ పుడుతుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ నుంచి సుమారు 35 మిల్లీగ్రాములు వస్తుంది. పెద్దవాళ్లలో ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. నెలలు నిండిన పసిబిడ్డలో 70 నుంచి 90 రోజులే. పైగా పుట్టేటప్పుడు బిడ్డ ఒంట్లో కణాలు మనకంటే చిక్కగా ఉంటాయి. పుట్టిన ఆ బిలిరుబిన్‌ను కాలేయం ఒక ఎంజైము సాయంతో నీటిలో కరిగేలా మార్చి పేగుల్లోకి వదలాలి. మొదటి రోజుల్లో ఆ ఎంజైము చాలా తక్కువగా ఉంటుంది.

మన చెరువుల లెక్కలో చెప్పాలంటే, చెరువు నిండడానికి రెండు దారులు. తూము సన్నగా ఉండి నీళ్లు బయటికి పోకపోవచ్చు, లేదా పైనుంచి వాగు పోటెత్తవచ్చు. చాలామంది పసిపిల్లల్లో కనిపించే కామెర్లు మొదటి రకం. వాగు మామూలే, తూము ఇంకా సన్నం. అందుకే అవి ఒక రోజు దాటాక మొదలై, మూడో రోజుకూ అయిదో రోజుకూ మధ్య హెచ్చి, తూము పెద్దదయ్యే కొద్దీ వాటంతట అవే తగ్గుతాయి. కణాలు పగిలే కామెర్లలో సన్నని తూము మీదికి వాగు పోటు వచ్చి పడుతుంది. పెద్దవాళ్లకు ఇదే పోటు వస్తే వాళ్ల కాలేయం చాలావరకు సర్దుకుంటుంది. పసిబిడ్డ సర్దుకోలేడు. మారని బిలిరుబిన్ మితిమీరితే మెదడులోకి దిగి శాశ్వతంగా చెరుపు చేస్తుంది కాబట్టే ఇంత తొందర.

కణాలు పగులుతున్నాయా అన్న మొదటి ప్రశ్నకు అన్నిటికన్నా మంచి జవాబు ఇచ్చేది ఖరీదైన పరీక్ష కాదు, గడియారం. ఇరవై నాలుగు గంటలు నిండకముందే కంటికి కనిపించే పసుపును మామూలు కామెర్ల కింద కొట్టిపారేయకూడదు. తరువాత చూడవలసింది వేగం. మీ రెండు అంకెల మధ్య తేడా 3.6, గడిచింది 12 గంటలు, అంటే గంటకు 0.3. మొదటి రోజున గంటకు 0.3 గానీ అంతకు మించి గానీ పెరిగినా, ఆ తరువాత 0.2 గానీ అంతకు మించి గానీ పెరిగినా కణాలు పగులుతున్నాయని అనుమానించాలన్నది ఇప్పుడు పిల్లల వైద్యులు వాడుతున్న కొలత. మీ డాక్టరు గారు ఆ మాట ఎందుకన్నారో ఈ ఒక్క భాగహారంలోనే ఉంది.

అయితే ఈ లెక్కలో ఒక మోసం ఉంది. రెండు అంకెలూ ఒకే పద్ధతిలో కొలిచినవై ఉండాలి. ఒకటి చర్మం మీద ఆనించే మీటరుతో, ఇంకొకటి రక్తంతో కొలిస్తే వచ్చే తేడా పరికరాల తేడా కావచ్చు. లైట్ల కింద పెట్టాక చర్మం ముందుగా తెల్లబడుతుంది కనుక అప్పటినుంచి మీటరును గానీ కంటిని గానీ నమ్మకూడదు, రక్తమే తీయాలి. రక్తం మళ్లీ మళ్లీ తీయడానికి ఇది ఒక కారణం.

రెండో సాక్షి హిమోగ్లోబిన్. నెలలు నిండిన బిడ్డకు మొదటి రోజుల్లో 15 నుంచి 20 మధ్య ఉండడం మామూలు. మీ బాబుకు 14.1 అంటే కొంచెం దిగువే. అదే 14.1 ఒక తల్లి కాగితంలో ఉంటే సంతోషించేవాళ్లం. పసిబిడ్డ కాగితాన్ని పెద్దల కొలతతో చదివి "హిమోగ్లోబిన్ బాగుంది" అనడం తరచుగా చూస్తుంటాను. మడమ మీద పొడిచి తీసిన రక్తంలో హిమోగ్లోబిన్ సిరలోని దానికన్నా ఎక్కువ చూపుతుందని కూడా గుర్తుంచుకోవాలి. నిన్న మడమ, ఈరోజు సిర అయితే, ఏమీ జరగకపోయినా అంకె పడిపోయినట్టు కనిపిస్తుంది.

మూడోది రెటిక్. కణాలు పోతున్న కొద్దీ ఎముక మజ్జ కొత్తవాటిని హడావిడిగా పంపుతుంది. అలా కొత్తగా దిగిన కణాల శాతమే రెటిక్. పుట్టినప్పుడు అది 3 నుంచి 7 దాకా ఉండవచ్చు, మూడు నాలుగు రోజులు దాటాక వేగంగా తగ్గిపోతుంది. కాబట్టి రెండో రోజున 9 ఎక్కువే కానీ ఆశ్చర్యపోయేంత ఎక్కువ కాదు. ఏడో రోజున ఇదే 9 వస్తే సందేహమే ఉండేది కాదు. ఒక్క రెటిక్‌తో తీర్పు చెప్పలేం. వేగం, హిమోగ్లోబిన్, రెటిక్ మూడూ ఒకే వైపు చూపిస్తుంటే చెప్పగలం. మీ విషయంలో మూడూ ఒకే వైపు చూపుతున్నాయి. మొదటి ప్రశ్న తేలినట్టే.

పెద్దవాళ్లలో కణాలు పగులుతున్నాయని అనుమానం వస్తే ఎల్‌డీహెచ్, హాప్టోగ్లోబిన్ అనే రెండు పరీక్షలు రాస్తారు. పసిబిడ్డకు ఇవి రాసినప్పుడు నాకు చిరాకు వేస్తుంది. మొదటిది ఏ పసిబిడ్డలోనైనా ఎక్కువే, రెండోది ఏ పసిబిడ్డలోనైనా తక్కువే. బిడ్డ రక్తం వృథా, మీ డబ్బూ వృథా.

ఇక పగలగొడుతున్నది ఏది?

తల్లి ఓ, బిడ్డ బి అనగానే అందరి చూపూ గ్రూపుల మీదికి పోతుంది. పోవాలి కూడా. ఓ గ్రూపు వాళ్ల రక్తంలో ఏ, బి గ్రూపులకు వ్యతిరేకమైన యాంటీబాడీలు పుట్టుకతో కాకపోయినా పసితనం నుంచే తయారై ఉంటాయి. వాటిలో ఐజీజీ అనే రకం మాయ దాటి బిడ్డలోకి వెళ్లగలదు. ఓ గ్రూపు తల్లుల్లో ఆ రకం ఎక్కువ. అందుకే తొలిచూలు బిడ్డకు కూడా ఈ ఇబ్బంది రావచ్చు. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లి సంగతి వేరు. ఆమెకు ముందు ఒక పాజిటివ్ బిడ్డ రక్తంతోనో, ఎక్కించిన రక్తంతోనో పరిచయం జరగాలి. అందువల్ల మొదటి బిడ్డ సాధారణంగా తప్పించుకుంటాడు, దెబ్బ తరువాతి బిడ్డలకు తగులుతుంది. మీ ఇంట్లో తల్లి పాజిటివ్ కనుక ఆ గొడవ లేదు.

యాంటీబాడీ బిడ్డ కణాలకు అంటుకుని ఉందా అని అడిగేదే నేరు కూంబ్స్ పరీక్ష. 1945లో కేంబ్రిడ్జిలో రాబిన్ కూంబ్స్, మరి ఇద్దరు శాస్త్రవేత్తలు కలిసి దీన్ని ప్రకటించారు. ఎనభై ఏళ్లు దాటినా చాలా చోట్ల చేసే తీరు దాదాపు అదే. బిడ్డ కణాలను ఉప్పునీటితో మూడు నాలుగు సార్లు కడుగుతాం. చివరి కడుగు నీళ్లను పూర్తిగా వంపేసి, ఒక చుక్క కణాల మీద మనిషి యాంటీబాడీని పట్టుకునే మందు రెండు చుక్కలు వేసి, ఒక నిమిషం యంత్రంలో తిప్పుతాం. గొట్టం అడుగున ఎర్రటి బొట్టు కూర్చుంటుంది. దీపం ముందు గొట్టాన్ని మెల్లగా వంచి ఆ బొట్టును కదిలిస్తాం. కణాల మీద యాంటీబాడీ ఉంటే బొట్టు ముద్దలు ముద్దలుగా లేస్తుంది, లేకపోతే పొగలాగా సాఫీగా జారిపోతుంది. అక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. గట్టిగా ఊపితే బలహీనమైన ముద్దలు చెదిరిపోయి నెగెటివ్‌లా కనిపిస్తాయి. కడగడం సరిగా లేకపోతే, మిగిలిపోయిన సీరమే మందును తాగేసి మళ్లీ నెగెటివ్ వస్తుంది. అందుకే నెగెటివ్ వచ్చిన ప్రతి గొట్టంలోనూ ముందే యాంటీబాడీ అంటించి పెట్టుకున్న కణాలను ఒక చుక్క వేసి చూడాలి. అవి ముద్ద కడితేనే మందు పనిచేస్తోందని అర్థం, నెగెటివ్ నిజమైన నెగెటివ్ అని అర్థం. మీ ల్యాబులో ఇది చేశారా అని అడగడంలో తప్పు లేదు. జెల్ కార్డు మీద చేసి ఉంటే కడిగే బాధ, ఊపే బాధ లేవు కనుక ఆ అనుమానం అక్కర్లేదు.

అన్నీ సరిగ్గా చేసినా ఓ తల్లి, బి బిడ్డ జంటలో కూంబ్స్ చాలాసార్లు బలహీనంగానో నెగెటివ్‌గానో వస్తుంది. కారణం బిడ్డలోనే ఉంది. పసిబిడ్డ ఎర్ర కణం మీద ఏ, బి గుర్తులు పూర్తిగా ఎదిగి ఉండవు. పలచగా, దూరం దూరంగా ఉంటాయి. పైగా ఆ గుర్తులు ఎర్ర కణాల మీదే కాదు, ఒంట్లో ఇతర కణజాలాల మీద కూడా ఉంటాయి కనుక తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలో చాలా భాగం అక్కడే ఇంకిపోతుంది. కణానికి వందల్లో యాంటీబాడీ అణువులు అంటుకుంటే గానీ గొట్టంలో ముద్ద కట్టదు. అంతకన్నా తక్కువ ఉన్నా ప్లీహం పసిగట్టి కణాన్ని కొరికేయగలదు. ప్లీహానికి నా కళ్లకన్నా చూపు ఎక్కువ.

ఆ కొరుకుడు గుర్తు గాజు పలక మీద కనిపిస్తుంది. స్మియర్ అంటే ఒక చుక్క రక్తాన్ని పలక మీద పలచగా పరిచి రంగు వేసి చూడడమే. మామూలు ఎర్ర కణం మధ్యలో పాలిపోయిన గుంట ఉంటుంది. అంచు కొరికించుకున్న కణం చర్మం తగ్గిపోయి బంతిలా ముడుచుకుంటుంది, మధ్య గుంట పోయి నిండు ఎరుపుగా, చిన్నదిగా కనిపిస్తుంది. వాటిని స్ఫీరోసైట్లు అంటాం. తల్లీబిడ్డల గ్రూపుల తేడాతో వచ్చే ఏబీఓ గొడవలో అవి విరివిగా ఉంటాయి. కూంబ్స్ నెగెటివ్ అయినా స్మియర్ నిండా స్ఫీరోసైట్లు ఉంటే తల్లి యాంటీబాడీ మీద అనుమానం అలాగే ఉంచుతాను. ఇంకా రుజువు కావాలంటే బిడ్డ కణాలను గడ్డకట్టించి, కరిగించి, వాటి మీద ఉన్న యాంటీబాడీని విడదీసి, ఆ ద్రవాన్ని పెద్దవాళ్ల బి కణాలతోనూ ఓ కణాలతోనూ కలిపి చూడవచ్చు. బి కణాలు ముద్ద కట్టి ఓ కణాలు కట్టకపోతే దొంగ దొరికినట్టే. ఫ్రిజ్‌లో గడ్డకట్టే అర ఉన్న ఏ రక్తనిధిలోనైనా ఇది చేయవచ్చు. అయితే యాంటీబాడీ ఉందని తేలినంత మాత్రాన నష్టమంతా దానివల్లే అనలేం.

స్మియర్ చూడమని అడగడం మరో రకంగా కూడా మంచిది. మజ్జ హడావిడిలో కేంద్రకం ఇంకా పోని ఎర్ర కణాలు కూడా రక్తంలోకి వచ్చేస్తాయి. కొన్ని యంత్రాలు వాటిని తెల్ల కణాలుగా లెక్కపెడతాయి. కాగితంలో తెల్ల కణాలు అమాంతం పెరిగినట్టు కనిపించి ఇన్ఫెక్షన్ అని గాభరా పుడుతుంది. పలక మీద ఒక చూపు చూస్తే ఆ గాభరా తగ్గుతుంది. నిజమైన ఇన్ఫెక్షన్ కూడా కణాలను పగలగొట్టగలదు. అది వేరే విషయం, బిడ్డ తీరు చూసి డాక్టరు దాన్ని విడిగా వెతుకుతారు.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. తల్లి ఓ, బిడ్డ ఏ లేదా బి అన్నది ఒక సందర్భం, అదే కారణం అని అనుకోకూడదు. అలాంటి జంటలు మన ఊళ్లలో వేలల్లో ఉంటాయి, వాళ్ల పిల్లల్లో చాలామందికి ఏమీ కాదు. కూంబ్స్ నెగెటివ్‌గా ఉండి పసుపు మాత్రం జోరుగా పెరుగుతుంటే, గ్రూపుల మీద నెపం వేసి ఫైలు మూసేయకూడదు. అక్కడినుంచే అసలు వెతుకులాట మొదలవ్వాలి.

అలా మూసేసిన ఫైలు ఒకటి నా కళ్ల ముందే తెరుచుకుంది. మిర్యాలగూడ వైపు ఒక పల్లె, మగబిడ్డ, తల్లి ఓ, బిడ్డ బి. కూంబ్స్ చాలా బలహీనంగా పాజిటివ్. ముప్పై ఆరో గంటకు బిలిరుబిన్ 9, అరవయ్యో గంటకు 11.2, హిమోగ్లోబిన్ 17.1. పెరుగుదల నిదానమే. గ్రూపుల తేడా అని రాసి మూడో రోజున ఇంటికి పంపారు. అయిదో రోజు రాత్రి తిరిగి తెచ్చారు. బిడ్డ పాలు సరిగా పట్టడం లేదు, మూత్రం తేనీరు రంగులో ఉంది, బిలిరుబిన్ 21.6. హిమోగ్లోబిన్ 11.9. రక్తం మార్చవలసిన గీతకు దగ్గరగా ఉంది. వార్డులో పాత చీటీ చూసి మళ్లీ గ్రూపుల తేడా అనే అన్నారు.

నాకు రెండు విషయాలు పొసగలేదు. ఏబీఓ పోటు సాధారణంగా మొదటి రెండు మూడు రోజుల్లోనే వచ్చి నెమ్మదిస్తుంది. నిదానంగా ఉన్న బిడ్డ హిమోగ్లోబిన్ రెండు రోజుల్లో అయిదు గ్రాములు దిగడం దాని తీరు కాదు. రెండోది పలక. స్ఫీరోసైట్లు ఎక్కడో ఒకటి. వాటికి బదులు ఒక పక్క పంటితో కొరికినట్టున్న కణాలు, సగం ఖాళీగా ఉబ్బిన కణాలు ఉన్నాయి. లోపలి హిమోగ్లోబిన్ తుప్పు పట్టినట్టు చెడిపోయి ముద్దలైతే ప్లీహం ఆ ముద్దలను పీకేసిన గుర్తులవి. యాంటీబాడీ అలా చేయదు, జి6పిడి అనే ఎంజైము లోపం చేస్తుంది.

వార్డుకు వెళ్లి బాలింత తల్లిని, అంటే బిడ్డ అమ్మమ్మను, ఇంట్లో బిడ్డకు ఏమి తొడిగారని అడిగాను. మన వైపు పురుడు దాకా బిడ్డకు కొత్త బట్టలు వేయరు, మెత్తబడిన పాతవే వేస్తారు. పెద్దకూతురు పిల్లల చొక్కాలు ట్రంకు పెట్టెలో దాచి ఉంచారట. తీసి, ఉతకకుండా, ఎండలో ఆరవేసి తొడిగారు. పెట్టెలో ఏముంచారని అడిగితే, "కలరా ఉండలే కదయ్యా, పురుగు పట్టకుండా" అంది ఆమె. ఆ చొక్కాల్లో ఒకదాన్ని దుప్పటి కింద నుంచి తీసి ఇచ్చింది. ముక్కుకు దగ్గరగా తీసుకోకముందే వాసన కొట్టింది. కలరా ఉండల్లో చాలా రకాలు నాఫ్తలీన్‌తో చేసినవే. అది చర్మం నుంచీ శ్వాస నుంచీ బిడ్డలోకి వెళ్తుంది. జి6పిడి ఎంజైము ఎర్ర కణానికి తుప్పు పట్టకుండా కాపాడే కవచం లాంటిది. అది తక్కువగా ఉన్న బిడ్డకు నాఫ్తలీన్ తగిలితే ఒకటి నుంచి మూడు రోజుల్లో కణాలు కుప్పలుగా పగులుతాయి.

రెండో ప్రశ్నగా మేనమామ గురించి అడిగాను. ఈ లోపం ఎక్స్ క్రోమోజోము మీద నడుస్తుంది. మగబిడ్డకు ఆ క్రోమోజోము తల్లి నుంచే వస్తుంది. తల్లికి రెండు ఉంటాయి కనుక ఆమె చాలాసార్లు బాగానే ఉంటుంది, ఆమె అన్నదమ్ముల్లో బయటపడుతుంది. తండ్రి వైపు ఎంత తవ్వినా మగబిడ్డ విషయంలో ఫలితం లేదు. బిడ్డ మేనమామకు కొన్నేళ్ల కిందట మలేరియా మాత్రలు వేసుకున్నాక మూత్రం నల్లగా వచ్చి ఆసుపత్రిలో ఉంచారని అమ్మమ్మే గుర్తుచేసుకుంది. ప్రైమాక్విన్ అనే మలేరియా మందు ఈ లోపం ఉన్నవాళ్లకు సరిగ్గా అదే చేస్తుంది.

అయినా ఆ రోజు చేసిన జి6పిడి పరీక్ష "సరిపడా ఉంది" అని వచ్చింది. ఈ జవాబంతటిలో మీరు గుర్తుంచుకోవలసిన మోసం ఇదే. ఆ ఎంజైము కణం పుట్టినప్పుడు ఎక్కువగా ఉండి వయసుతో తరిగిపోతుంది. పోటు వచ్చినప్పుడు ఎంజైము తక్కువగా ఉన్న ముసలి కణాలు ముందే పగిలి పోయాయి. మిగిలినవి, మజ్జ కొత్తగా పంపినవి అన్నీ పడుచు కణాలు. వాటిని కొలిస్తే మంచి అంకె వస్తుంది. తగాదాలో దెబ్బలు తిన్నవాళ్లందరినీ ఆసుపత్రికి పంపేశాక వీధిలో మిగిలినవాళ్లను లెక్కపెట్టినట్టు ఉంటుంది ఆ పరీక్ష. అందుకే నేను కాగితం మీద "ఇప్పటికి తోసిపుచ్చలేం, మూడు నెలలకు మళ్లీ చేయాలి" అని రాశాను. బట్టలు మార్చేశారు, లైట్ల కిందే బిలిరుబిన్ దిగింది, రక్తం ఎక్కించవలసిన అవసరం రాలేదు. మూడు నెలలు దాటాక వచ్చిన నమూనాను హైదరాబాదు పంపితే ఎంజైము స్పష్టంగా తక్కువని వచ్చింది. ఆ రోజు గ్రూపుల తేడా అన్న చీటీతోనే ఇంటికి పోయి ఉంటే, పెద్దయ్యాక ఆ అబ్బాయికి ఏ జ్వరానికో మాత్ర ఇచ్చేవాళ్లకు ఈ సంగతి తెలిసేది కాదు.

మీ బాబు విషయం దీనితో పూర్తిగా కలవదు. అతనికి మొదటి రోజే మొదలైంది కనుక కలరా ఉండల మీద నెపం లేదు. కానీ ఏ ఉండా తగలకుండానే జి6పిడి లోపంతో కామెర్లు రావచ్చు. అప్పుడు హిమోగ్లోబిన్ పెద్దగా తగ్గకుండా, స్మియర్‌లో ఏమీ కనిపించకుండా పసుపు మాత్రమే పెరుగుతుంది. మగబిడ్డ, కూంబ్స్ నెగెటివ్, వేగం గంటకు 0.3 అన్నప్పుడు జి6పిడి చేయకుండా ఉండడం నాకు సమ్మతం కాదు. ఒక్క జాగ్రత్త. ఒకవేళ రక్తం మార్చడమో ఎక్కించడమో చేయవలసి వస్తే దానికి ముందే ఈ నమూనా తీసి పెట్టమనండి. తరువాత తీస్తే అందులో కొలిచేది దాత ఎంజైమునే.

ఇంకొక అనుమానితుడు కుటుంబంలో నడిచే స్ఫీరోసైటోసిస్. ఇందులో కణం చర్మమే పుట్టుకతో బలహీనం. స్మియర్‌లో ఏబీఓలో కనిపించే బంతి కణాలే కనిపిస్తాయి. అందువల్ల పలక మీద రెంటినీ విడదీయడం నావల్ల కూడా కాదు. అప్పుడు మీరు మామూలు కంప్లీట్ బ్లడ్ కౌంట్ కాగితంలోనే ఉన్న ఎంసీహెచ్‌సీ అనే అంకె చూడండి. దాన్ని ఎవరూ చదవరు. అది 36 దాటితే ఈ జబ్బును తలచుకోవాలి. తల్లిదండ్రుల్లో ఎవరికైనా చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్లు వచ్చాయా, ఇంట్లో ఎవరికైనా ప్లీహం తీశారా అని అడగాలి. దీనిలో తండ్రి వైపు కూడా అడగాలి, ఇది ఎవరి నుంచైనా రావచ్చు. ఉప్పునీటిలో కణాలు ఎంత త్వరగా పగులుతాయో చూసే పాత పరీక్షకు పసిబిడ్డ కణాలు సరిగా లొంగవు, కొన్ని నెలలు ఆగి చేయడం మేలు.

సికిల్ సెల్, తలసీమియా పరీక్షలు కూడా చేయించాలా అని అడిగేవాళ్లున్నారు. ఆ జబ్బుల రకాల్లో మనకు ఎక్కువగా తెలిసినవి పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌కు సంబంధించినవి. పుట్టినప్పుడు బిడ్డలో ఎక్కువగా ఉండేది గర్భంలోని హిమోగ్లోబినే కనుక ఈ వారం కామెర్లకు అవి కారణం కావు. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లనా అని కూడా అడుగుతారు. ఫ్లోరైడ్ మన ఎముకలకూ పళ్లకూ చేసిన చెరుపు చాలు, ఎర్ర కణాలు పగలడంలో దానికి పాత్ర లేదు.

తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. గర్భంలో ఉండగా యాంటీ డి ఇంజెక్షను తీసుకుని ఉంటే ఆ మందే మాయ దాటి బిడ్డ కూంబ్స్‌ను బలహీనంగా పాజిటివ్ చేయవచ్చు. దానివల్ల పెద్దగా హాని ఉండదు కానీ ఇంజెక్షను తేదీ ల్యాబుకు చెప్పకపోతే అనవసరపు కంగారు. దీనికి తలకిందులుగా, జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు బిడ్డ కణాలు తల్లి యాంటీబాడీతో పూర్తిగా కప్పబడి, పాజిటివ్ బిడ్డ నెగెటివ్‌గా గ్రూపు చూపించవచ్చు. కూంబ్స్ గట్టిగా పాజిటివ్, గ్రూపు మాత్రం నెగెటివ్ అని వస్తే ఆ గ్రూపును నమ్మకుండా మళ్లీ చేయమనాలి.

రక్తం ఎక్కువ తీస్తున్నారన్న మీ బాధ న్యాయమైనదే. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం సుమారు 250 మిల్లీలీటర్లు, అంటే పావు లీటరు. అయితే గ్రూపు, కూంబ్స్, కౌంటు, రెటిక్, స్మియర్, జి6పిడి అన్నీ కలిపి చిన్న గొట్టాల్లో రెండు మూడు మిల్లీలీటర్లలో అయిపోతాయి. స్మియర్‌కూ రెటిక్‌కూ కౌంటుకు తీసిన గొట్టమే చాలు, విడిగా పొడవనక్కర్లేదు. ఒకే గొట్టంలో ఏవేవి చేయవచ్చో ల్యాబును ముందే అడిగితే పొడుపులు తగ్గుతాయి. ఇక బిలిరుబిన్ మాత్రం కొన్ని గంటలకు ఒకసారి తీయక తప్పదు. ఒకసారైనా అందులో డైరెక్ట్ భాగం, అంటే కాలేయం అప్పటికే మార్చిన భాగం, ఎంతో చూడమనండి. కణాలు పగిలే కామెర్లలో పెరిగేది ఇంకా మారని ఇన్‌డైరెక్ట్ భాగం. డైరెక్ట్ ఎక్కువగా ఉండి మలం సున్నంలా తెల్లగా వస్తే అది కాలేయం, పైత్యనాళం వైపు వెతకవలసిన వేరే జబ్బు.

బిడ్డ మత్తుగా పడుకుని పాలకు లేవకపోయినా, గొంతు మారి సన్నగా కీచుగా ఏడ్చినా, వీపు విల్లులా వంచినా రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. ఎండలో పెట్టడం, పసరు పోయడం, చేతికి చురక వేయించడం లాంటివి ఈ రకం కామెర్లలో గంటలు వృథా చేస్తాయి, ఇక్కడ గంటలకే విలువ.

డిశ్చార్జి రోజు చీటీలో ఒక తేదీ రాయించుకోండి. పసుపు పోయాక కూడా తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీ కొన్ని వారాలు బిడ్డ ఒంట్లో ఉంటుంది. ఆ వయసులో మజ్జ కూడా కాస్త విశ్రాంతి తీసుకుంటుంది. ఈ రెండూ కలిసి మూడు నుంచి ఆరు వారాల మధ్య హిమోగ్లోబిన్ బాగా పడిపోవచ్చు. కామెర్లు లేవు కనుక ఎవరూ అనుమానించరు. బిడ్డ పాలిపోయి, పాలు తాగుతూ తాగుతూ అలసిపోయి చెమటలు పట్టాకే తీసుకొస్తారు. రెండు వారాలకు ఒకసారి, నెలకు ఒకసారి హిమోగ్లోబిన్, రెటిక్ చేయించండి. ఇప్పుడు జి6పిడి మామూలుగా వచ్చినా మూడు నెలలకు ఇంకోసారి చేయించండి. ఈలోగా ఇంట్లో కలరా ఉండలు ఉన్న పెట్టె బట్టలు బిడ్డకు దగ్గరగా రానివ్వకండి.